డబ్బు కట్టే పేజీలో చిన్న మాటలు

ఆన్‌లైన్ దుకాణంలో కావలసినవి బుట్టలో వేసుకున్నాక పేరు, చిరునామా రాసి డబ్బు కట్టే చోటును చెకౌట్ పేజీ అంటారు. ఆ పేజీలో రాత చాలా తక్కువ. బటన్ మీద రెండు మూడు మాటలు, గడి పైన దాని పేరు, గడి కింద చిన్న అక్షరాల్లో ఒక సూచన, ఏదైనా తప్పు పడితే ఎర్ర రంగులో ఒక వాక్యం ఉంటాయి. ఈ చిన్న రాతలన్నిటికీ కలిపి ఈ రంగంలోని వాళ్లు వాడే పేరు మైక్రోకాపీ. కొనేవాళ్లు ఇంతదూరం వచ్చి తికమకపడి ఆగిపోవడమూ, నిశ్చింతగా డబ్బు కట్టేయడమూ చాలాసార్లు ఈ మాటల మీదే ఆధారపడి ఉంటాయి.

మైక్రోకాపీ అనే మాటను డిజైనర్ల వాడుకలోకి బాగా తెచ్చింది అమెరికన్ డిజైనర్ జాషువా పోర్టర్ 2009లో రాసిన ఒక వ్యాసం. ఆయన అందులో చెప్పిన అనుభవం కూడా చెకౌట్ పేజీదే. కార్డుతో కట్టిన చెల్లింపుల్లో కొన్ని చిరునామా దగ్గర తప్పిపోతూ ఉండేవి. కార్డు ఇచ్చిన సంస్థ దగ్గర ఒక చిరునామా ఉంటుంది, కొనేవారు పేజీలో ఇంకోటి రాస్తారు, రెండూ కలవవు. కార్డుకు సంబంధించిన చిరునామానే రాయాలని ఆ గడి పక్కన ఒక్క వాక్యం చేర్చాక ఆ తప్పులు ఆగిపోయాయి. ఆ వాక్యంలో కొత్త సంగతేమీ లేదు. సందేహం పుట్టే చోట, పుట్టే సమయానికి కంటికి కనబడింది, అంతే. అదే మాట పేజీ అడుగున 'తరచూ అడిగే ప్రశ్నల్లో' ఉండి ఉంటే ఎవరికీ ఉపయోగపడేది కాదు.

దీనికి తోడుగా చెప్పుకోవలసిన సంగతి ప్రయాణాల టికెట్లు అమ్మే ఎక్స్‌పీడియా సంస్థది. వాళ్ల చెల్లింపు పేజీలో 'కంపెనీ' అని ఒక గడి ఉండేది. నింపకపోయినా నష్టం లేని గడి అది. కానీ కొందరు దాన్ని చూసి బ్యాంకు పేరు అడుగుతున్నారనుకున్నారు. బ్యాంకు పేరు రాశాక, కింద చిరునామా గడిలో బ్యాంకు చిరునామా రాశారు. కార్డు సరిచూసేటప్పుడు అది వాళ్ల ఇంటి చిరునామాతో కలవక చెల్లింపు ఆగిపోయింది. ఆ గడిని తీసేశాక ఏడాదికి 1.2 కోట్ల డాలర్ల లాభం పెరిగిందని ఆ సంస్థ అధికారి 2010లో వెల్లడించారు. గడికి సరైన సూచన రాసే ముందు అసలు ఆ గడి అవసరమా అని అడగాలన్నది ఇక్కడి పాఠం.

ఈ మాటలు ఎలా పనిచేస్తాయో చూడడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకోవచ్చు. గుంటూరులో పచ్చళ్లు పెట్టి ఆన్‌లైన్‌లో అమ్మే ఒక చిన్న దుకాణం ఉంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ఒక అమ్మాయి భీమవరంలో ఉన్న అమ్మానాన్నలకు అర కిలో ఆవకాయ, అర కిలో గోంగూర పంపాలనుకుంది. ఆవకాయ రూ.300, గోంగూర రూ.280, డెలివరీ ఖర్చు రూ.70. మొత్తం రూ.650. కట్టేది ఒకరు, అందుకునేది మరొకరు. చెకౌట్ పేజీలో తికమకలకు ఇలాంటి ఆర్డర్లే ఎక్కువ తావిస్తాయి.

బటన్ మీద ఏం రాయాలి

బటన్ మీద ఉండే మాటకు ఒకే పని ఉంది. నొక్కితే తర్వాత ఏం జరుగుతుందో అది చెప్పాలి. పచ్చళ్ల దుకాణం పేజీలో మొదట మూడు చోట్లా 'కొనసాగించండి' అనే ఉందనుకుంటే, మూడో బటన్ దగ్గర ఆ అమ్మాయి వేలు ఆగుతుంది. ఇది నొక్కితే ఇంకో పేజీ వస్తుందా, డబ్బు పోతుందా అన్నది ఆమెకు తెలియదు. అదే మొదటి బటన్ మీద 'చిరునామా రాయండి' అని, రెండో దాని మీద 'చెల్లింపుకు వెళ్లండి' అని, మూడో దాని మీద 'రూ.650 చెల్లించండి' అని ఉంటే సందేహానికి చోటు లేదు. మొదటి రెండూ నొక్కితే డబ్బు కదలదని ఆ మాటలే చెబుతాయి. మూడోది ఎంత డబ్బు కదులుతుందో కూడా చెబుతుంది.

చెల్లించే పద్ధతి మారితే బటన్ మీది మాట కూడా మారాలి. ఆమె యూపీఐ ఎంచుకుంటే తర్వాత వచ్చేది ఫోన్‌లోని యూపీఐ యాప్. కాబట్టి 'యూపీఐ యాప్‌లో రూ.650 చెల్లించండి' అన్నది నిజమైన మాట. పార్శిల్ వచ్చాక డబ్బిచ్చే పద్ధతి ఎంచుకుంటే ఇప్పుడు చెల్లించేది ఏమీ లేదు. అప్పుడు 'ఆర్డర్ ఖరారు చేయండి' అని రాసి, దాని కింద 'పార్శిల్ ఇచ్చేటప్పుడు రూ.650 తీసుకుంటారు' అని చేర్చాలి. ఆమె పంపుతున్నది అమ్మానాన్నలకు గనక ఈ వాక్యం ఆమెను ఆపి ఆలోచింపజేస్తుంది. డబ్బు వాళ్ల చేత ఇప్పించడం ఆమె ఉద్దేశం కాదు. ఆ వాక్యం లేకపోతే సంగతి భీమవరంలో గుమ్మం దగ్గర బయటపడేది.

బటన్ మీది మాట గురించి ఈ రంగంలో అందరూ చెప్పుకునే ఉదంతం ఒకటుంది. అమెరికన్ నిపుణుడు జారెడ్ స్పూల్ 2009లో రాశారు. పేరు చెప్పని ఒక పెద్ద దుకాణం వెబ్‌సైట్‌లో, డబ్బు కట్టే ముందు లాగిన్ అవ్వమనీ, ఖాతా లేకపోతే 'రిజిస్టర్' నొక్కమనీ అడిగేవారు. కొత్తవాళ్లకు అది కిట్టలేదు. ఒక వస్తువు కొనడానికి వచ్చాం, ఈ నమోదు ఎందుకు అనుకున్నారు. పాతవాళ్లు ఏ ఈమెయిల్‌తో ఖాతా తెరిచారో మరిచిపోయి అక్కడే చిక్కుకున్నారు. ఆ బటన్‌ను తీసేసి 'కంటిన్యూ' అనే బటన్ పెట్టారు. కొనడానికి ఖాతా అక్కర్లేదని పక్కన ఒక వాక్యం రాశారు. కొనుగోళ్లు 45 శాతం పెరిగాయి, మొదటి ఏడాది అదనపు అమ్మకం 30 కోట్ల డాలర్లు. ఈ ఉదంతాన్ని చాలామంది ఒక్క మాట మార్పు మహిమగా చెబుతారు. నిజానికి అక్కడ మారింది మాటతో పాటు నియమం కూడా. ఖాతా లేకుండా కొనే వీలు నిజంగా కల్పించారు కాబట్టే ఆ వాక్యం పనిచేసింది. 'ఖాతా అక్కర్లేదు' అని రాసి, తర్వాతి పేజీలో పాస్‌వర్డ్ అడిగి ఉంటే జనం ఇంకా విసుగెత్తేవారు.

కొన్ని దేశాల్లో చివరి బటన్ మీది మాట చట్టం పరిధిలోకి కూడా వచ్చింది. ఐరోపా సమాఖ్య 2011 నాటి వినియోగదారుల హక్కుల ఆదేశం ప్రకారం, నొక్కితే డబ్బు చెల్లించవలసి వస్తుందని ఆ బటన్ స్పష్టంగా చెప్పాలి. చెప్పకపోతే కొనుగోలుదారు ఆ ఆర్డర్‌కు కట్టుబడనక్కర్లేదు. 'బుకింగ్ పూర్తి చేయండి' అనే అర్థం వచ్చే జర్మన్ మాట ఉన్న ఒక కేసులో, చుట్టూ పేజీలో ఏం రాసి ఉందన్నది కాదు, బటన్ మీద ఉన్న మాటలనే చూడాలని ఐరోపా న్యాయస్థానం 2022లో చెప్పింది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న 13 రకాల మోసపు డిజైన్లను గుర్తించి వాటిని నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిలో ఒకటి, వద్దనేవారిని సిగ్గుపడేలా చేసే మాట. పచ్చళ్ల పేజీలో గాజు సీసాకు రూ.40 అదనంగా తీసుకునే చోట 'వద్దు, మా అమ్మానాన్నల ఆరోగ్యం నాకు ముఖ్యం కాదు' అని బటన్ మీద రాస్తే అది ఆ కోవలోకే వస్తుంది. 'గాజు సీసా వద్దు' అంటే చాలు.

గడి దగ్గర సూచన

సూచన పని తప్పు జరగకముందే ఆపడం. కానీ ప్రతి గడికీ సూచన రాస్తే ఎవరూ ఏదీ చదవరు. ఎక్కడ సందేహం వస్తుందో అక్కడే రాయాలి. ఈ ఆర్డర్‌లో సందేహం వచ్చే చోట్లు మూడు. అవి పేరు, మొబైల్ నంబరు, చిరునామా.

మొదటిది పేరు. ఇంగ్లిష్ దేశాల పేజీల నుంచి 'ఫస్ట్ నేమ్', 'లాస్ట్ నేమ్' అనే రెండు గడులు మన దుకాణాల్లోకి వచ్చాయి. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందుంటుంది, సొంత పేరు తర్వాత వస్తుంది. 'లాస్ట్ నేమ్' అంటే చివర ఉండే పేరా, ఇంటిపేరా అన్నది చాలామందికి తేలదు. ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంగా రాసే అలవాటు ఉన్నవాళ్లకు 'కనీసం 3 అక్షరాలు ఉండాలి' అనే అడ్డు కూడా ఎదురవుతుంది. పచ్చళ్ల పార్శిల్‌కు ఇంటిపేరు వేరుగా తెలియనవసరం లేదు. ఒకే గడి పెట్టి 'పార్శిల్ అందుకునేవారి పూర్తి పేరు' అని రాస్తే తికమక ఉండదు. కట్టే అమ్మాయి తన పేరు రాయాలా, నాన్న పేరు రాయాలా అనే ప్రశ్న కూడా ఆ మాటతోనే తీరిపోతుంది.

రెండోది మొబైల్ నంబరు. గడి మీద ఉత్తగా 'మొబైల్ నంబరు' అని ఉంటే ఆమె తన నంబరు రాస్తుంది. మూడు రోజుల తర్వాత డెలివరీకి వచ్చిన వ్యక్తి భీమవరంలో ఇంటి ముందు నిలబడి హైదరాబాద్‌కు ఫోన్ చేస్తాడు. ఆమె ఆఫీసు మీటింగ్‌లో ఉంటే పార్శిల్ వెనక్కి పోతుంది. గడి పేరు 'పార్శిల్ అందుకునేవారి మొబైల్' అని పెట్టి, కింద 'డెలివరీకి వచ్చినవారు ఈ నంబరుకే ఫోన్ చేస్తారు' అని రాయాలి. బిల్లు పంపడానికి ఆమె నంబరు కూడా కావాలంటే దానికి వేరే గడి, వేరే సూచన ఉండాలి. 'బిల్లు, ఆర్డర్ కబుర్లు ఈ నంబరుకు వస్తాయి' అంటే సరిపోతుంది. ఎందుకు అడుగుతున్నారో చెబితే జనం సరైన నంబరు ఇస్తారు. చెప్పకపోతే ప్రకటనల కోసమేమో అని అనుమానపడతారు.

మూడోది చిరునామా. దీనికి పిన్‌కోడ్ మంచి ఆసరా. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ 6 అంకెల పద్ధతిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పిన్‌కోడ్‌లు 5తో మొదలవుతాయి. పిన్‌కోడ్ గడిని ముందు పెట్టి, 534201 కొట్టగానే 'భీమవరం, ఆంధ్రప్రదేశ్' అని కింద కనిపించేలా చేస్తే ఆమెకు తాను సరిగానే రాశానన్న నమ్మకం కలుగుతుంది. చిన్న ఊళ్లలో ఇంటి నంబరు కన్నా కొండగుర్తు ఎక్కువ పనికొస్తుంది. కాబట్టి 'దగ్గరలోని గుర్తు' అని ఒక గడి పెట్టి, 'గుడి, బడి, వాటర్ ట్యాంకు వంటివి. రాయకపోయినా ఫరవాలేదు' అని సూచన రాయవచ్చు. 'రాయకపోయినా ఫరవాలేదు' అన్న మాటను చుక్క గుర్తుతోనో రంగుతోనో చెప్పడం కన్నా మాటగా రాయడమే మేలు. నక్షత్రం గుర్తుకు అర్థం తెలియనివారు చాలామంది ఉంటారు.

సూచన ఎక్కడ ఉండాలన్నది కూడా ముఖ్యమే. చాలా పేజీల్లో గడి లోపలే బూడిద రంగు అక్షరాలతో సూచన కనిపిస్తుంది. టైపు చేయడం మొదలుపెట్టగానే అది మాయమైపోతుంది. సరిగ్గా సందేహం వచ్చే సమయానికి సూచన ఉండదు. మళ్లీ చూడాలంటే రాసిందంతా చెరిపేయాలి. పైగా కొందరు ఆ బూడిద అక్షరాలను చూసి గడి ముందే నిండి ఉందనుకుని వదిలేస్తారు. గడి పేరు గడి పైన, సూచన గడి బయట ఉండి, రాస్తున్నంతసేపూ కనిపించాలి. ఫోన్‌లో కీబోర్డు పైకి వచ్చి సగం తెర మూసేస్తుంది గనక సూచనను గడి పేరు కిందే, గడికి పైన పెడితే ఇంకా మంచిది.

తప్పు పడినప్పుడు

పొరపాట్లన్నిటికీ సందేశం అక్కర్లేదు. ఆ అమ్మాయి నాన్న నంబరును ఫోన్‌లోని కాంటాక్టుల నుంచి కాపీ చేసి అతికిస్తే ముందు +91, మధ్యలో ఖాళీలు వస్తాయి. 'నంబరులో 10 అంకెలే ఉండాలి' అని ఎర్రగా చూపడం సులువే. కానీ ఆ +91నూ ఖాళీలనూ పేజీయే తీసేసుకోగలదు. యంత్రం సరిదిద్దుకోగల దాన్ని మనిషికి అప్పగించకూడదు. యంత్రానికి నిజంగా తెలియనిది ఉన్నప్పుడే అడగాలి.

అలా అడగవలసి వచ్చినప్పుడు మొదటి నియమం, ఒక్కో కారణానికి ఒక్కో వాక్యం ఉండాలి. పిన్‌కోడ్ గడినే తీసుకుంటే అక్కడ కనీసం నాలుగు రకాల ఇబ్బందులు రావచ్చు. ఒక అంకె తగ్గవచ్చు. 6 అంకెలూ ఉన్నా ఆ చోటికి కొరియర్ వెళ్లకపోవచ్చు. పిన్‌కోడ్ ఒక ఊరిది, రాసిన ఊరి పేరు ఇంకొకటి కావచ్చు. ఇవేవీ కాక, పిన్‌కోడ్‌ను సరిచూసే దుకాణం సర్వరే ఆ సమయానికి పలకకపోవచ్చు. చాలా పేజీల్లో ఈ నాలుగింటికీ 'చెల్లని పిన్‌కోడ్' అనే ఒకే మాట కనిపిస్తుంది. చదివినవారు తాము రాసిన సరైన అంకెలనే మళ్లీ మళ్లీ కొడతారు, చివరికి వదిలేస్తారు.

నాలుగు కారణాలకు నాలుగు వాక్యాలు ఇలా ఉండవచ్చు. అంకె తగ్గితే: 'పిన్‌కోడ్‌లో 6 అంకెలు ఉండాలి. ఇక్కడ 5 ఉన్నాయి.' కొరియర్ వెళ్లకపోతే: 'ఈ పిన్‌కోడ్‌కు ప్రస్తుతం పార్శిల్ పంపలేము. దగ్గరలోని వేరే చిరునామా ఉంటే ఇవ్వండి.' ఊరు కలవకపోతే: '534201 భీమవరం పిన్‌కోడ్. ఊరి పేరు తణుకు అని ఉంది. ఏది సరైనదో చూడండి.' సర్వర్ పలకకపోతే: 'మా వైపు ఇబ్బంది వల్ల పిన్‌కోడ్ సరిచూడలేకపోయాం. మీరు రాసినవన్నీ భద్రంగా ఉన్నాయి. ఒక నిమిషం తర్వాత మళ్లీ నొక్కండి.' మొదటి వాక్యం చూసిన మనిషి అంకెలు లెక్కపెడుతుంది. రెండోది చూసి అత్తగారి ఊరో పిన్నిగారి ఇల్లో ఆలోచిస్తుంది. మూడోది చూసి రెండు గడులనూ పోల్చి చూస్తుంది. నాలుగోది చూసి ఊరికే ఆగుతుంది. చేయవలసిన పని వేరయినప్పుడు మాట కూడా వేరుగా ఉండాలి.

తప్పు ఎవరిదో ఎత్తి చూపనవసరం లేదు. ఈ విషయంలో తెలుగు వాక్యానికి ఒక సౌలభ్యం ఉంది. 'మీరు తప్పు పిన్‌కోడ్ రాశారు' అనకుండా 'పిన్‌కోడ్‌లో 6 అంకెలు ఉండాలి' అంటే కర్త లేకుండానే వాక్యం సహజంగా ఉంటుంది, నింద ఉండదు. అలాగే ప్రతి సందేశం ముందూ 'దయచేసి' అక్కర్లేదు. 'రాయండి', 'చూడండి' అన్నప్పుడు ఆ 'అండి'లోనే మర్యాద ఉంది. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ల డిజైన్ మార్గదర్శకాలు కూడా తప్పు సందేశాల్లో దయచేసి, క్షమించండి, చెల్లని వంటి మాటలు వాడవద్దనే చెబుతాయి. అవి వాక్యాన్ని పొడిగిస్తాయే తప్ప ఏం చేయాలో చెప్పవు.

సందేశం కనిపించే సమయం, చోటు కూడా మాటలో భాగమే. పిన్‌కోడ్‌లో రెండో అంకె కొడుతుండగానే '6 అంకెలు ఉండాలి' అని ఎర్రబడితే పక్కన నిలబడి ఎవరో గద్దించినట్టు ఉంటుంది. ఆ గడి దాటి తర్వాతి గడికి వెళ్లాక చూపాలి. సరిదిద్దిన వెంటనే తీసేయాలి. సందేశం ఆ గడి పక్కనే ఉండాలి. పేజీ నెత్తి మీద 'కింద 2 తప్పులు ఉన్నాయి' అని మాత్రమే రాసి వదిలితే ఫోన్‌లో వెతుక్కోవాలి. ఎర్ర రంగు ఒక్కటే గుర్తుగా పెడితే రంగులు పోల్చుకోలేనివారికి అది కనిపించదు. చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్ చదివేది రంగును కాదు, మాటలను.

డబ్బు పోయిందా, లేదా

చెకౌట్‌లో అన్నిటికన్నా గుండె గుబేలుమనే క్షణం చివర ఉంటుంది. ఆ అమ్మాయి యూపీఐ యాప్‌లోకి వెళ్లి పిన్ కొట్టి వెనక్కి వచ్చింది. పేజీలో ఒక చక్రం తిరిగి తిరిగి 'ఏదో పొరపాటు జరిగింది. మళ్లీ ప్రయత్నించండి' అని కనిపించింది. అంతలో బ్యాంకు నుంచి రూ.650 తగ్గిందని ఎస్ఎంఎస్ వచ్చింది. ఆ సందేశాన్ని నమ్మి మళ్లీ కడితే రెండుసార్లు డబ్బు పోవచ్చు. నమ్మకుండా ఆగితే ఆర్డర్ అందిందో లేదో తెలియదు.

దీనికి మూలం, చెల్లింపు ఫలితాలు రెండు కాదు, మూడు. జరిగింది, జరగలేదు, ఇంకా తెలియదు. దుకాణానికీ బ్యాంకుకూ మధ్య కబురు ఆలస్యమైతే మూడోది వస్తుంది. పేజీ రాసేవారు మూడోదాన్ని రెండోదానిలో కలిపేయడమే అసలు తప్పు. ఇలాంటి సందేశంలో నాలుగు ప్రశ్నలకు జవాబు ఉండాలి. డబ్బు ఏమైంది, ఆర్డర్ ఏమైంది, ఇప్పుడు ఏం చేయాలి, ఎప్పటికి తేలుతుంది.

పచ్చళ్ల దుకాణం పేజీలో అది ఇలా ఉండవచ్చు: 'చెల్లింపు ఇంకా ఖరారు కాలేదు. బ్యాంకు నుంచి జవాబు రావాలి. ఇప్పుడే మళ్లీ కట్టకండి. ఫలితం తెలియగానే మీ మొబైల్‌కు ఎస్ఎంఎస్ పంపుతాం. మీ ఖాతాలో రూ.650 తగ్గి ఆర్డర్ ఖరారు కాకపోతే ఆ డబ్బు 5 రోజుల్లోగా అదే ఖాతాకు తిరిగి వస్తుంది.' దాని కింద బటన్ మీద 'మళ్లీ కట్టండి' అని కాక 'ఫలితం చూడండి' అని ఉండాలి. ఆర్డర్ నంబరూ ఫోన్ చేయవలసిన నంబరూ అక్కడే కనబడాలి.

ఇందులో 5 రోజులు అన్నది దుకాణం ఇష్టప్రకారం రాసిన మాట కాదు. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, దుకాణానికి యూపీఐతో కట్టిన డబ్బు ఖాతాలో తగ్గి, దుకాణానికి ధ్రువీకరణ చేరకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా అది దానంతటదే తిరిగి రావాలి. ఆ గడువు దాటితే రోజుకు రూ.100 చొప్పున ఖాతాదారుకు పరిహారం ఇవ్వాలి. ఇంత స్పష్టమైన గడువు ఉన్నప్పుడు 'త్వరలో తిరిగి వస్తుంది' అని రాయడం కొనేవారిని ఊరికే కంగారుపెట్టడమే.

ఆ సందేశంలో ఇంకొక వాక్యం చేర్చడం మంచిది: 'డబ్బు తిరిగి రావడానికి మీరు పిన్ గానీ ఓటీపీ గానీ ఎవరికీ చెప్పనక్కర్లేదు.' యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అవసరం లేదు. డబ్బు ఇరుక్కుపోయి ఆందోళనలో ఉన్నవారికి ఫోన్ చేసి, తిరిగి ఇప్పిస్తామని పిన్ కొట్టించే మోసగాళ్లు ఉన్నారు. ఆ ఫోన్ రాకముందే జాగ్రత్త చెప్పగలిగింది ఈ పేజీయే.

ఇక్కడ రాసేవారు గీత దాటకూడని చోటు కూడా ఉంది. 'మీ డబ్బు ఎక్కడికీ పోలేదు' అన్న మాట చదివేవారికి ఊరట. కానీ చెల్లింపు జరగలేదని బ్యాంకు వైపు నుంచి కచ్చితంగా తెలిసినప్పుడే అది రాయాలి. కబురే రాకపోతే ఆ మాట అబద్ధం కావచ్చు. అందువల్ల రాసేవారు ముందుగా ఇంజినీరు పక్కన కూర్చుని, చెల్లింపు సంస్థ నుంచి ఏయే జవాబులు వస్తాయో ఒక్కొక్కటీ తెలుసుకోవాలి. పిన్ తప్పయిందా, ఖాతాలో డబ్బు చాలలేదా, రోజు పరిమితి దాటిందా అన్నది ఆ జవాబులోనే ఉంటుంది. తెలిసిన కారణానికి తగిన వాక్యం రాయాలి. తెలియనిది తెలియదనే రాయాలి.

తెలుగులో రాసేటప్పుడు

ఇంగ్లిష్ పేజీని మక్కీకి మక్కీగా తెలుగులోకి మార్చితే కొత్త తికమకలు పుడతాయి. కూపన్ పక్కన ఉండే 'అప్లై' బటన్‌ను 'దరఖాస్తు' అని మార్చిన పేజీ చూసినవారికి, తగ్గింపు కోసం అర్జీ పెట్టుకోవాలేమో అనిపిస్తుంది. 'కూపన్ వాడండి' అంటే తేలిపోతుంది. 'చెకౌట్'ను 'తనిఖీ' అన్నా, 'సబ్మిట్'ను 'సమర్పించు' అన్నా అంతే. సమర్పించడం దేవుడి ముందు చేసే పని. ఫారం నింపాక 'పంపండి' అంటే చాలు. జనం నోట 'డెలివరీ' అన్న మాట ఉండగా 'బట్వాడా' అని రాయడం వల్ల భాషకు ఒరిగేది లేదు, చదివేవారికి ఆలస్యం మాత్రం జరుగుతుంది.

వ్యాకరణం తెచ్చే చిక్కు కూడా ఉంది. పేజీలోని వాక్యాలను చాలాసార్లు అచ్చులా తయారుచేసి పెడతారు, ఖాళీలో ఊరి పేరు పడుతుంది. '... కు పార్శిల్ పంపుతాం' అనే అచ్చులో గుంటూరు పడితే 'గుంటూరుకు' అని సరిపోతుంది. తిరుపతి పడితే 'తిరుపతికు' అవుతుంది, అది తెలుగు కాదు. అలాంటి చోట విభక్తి అవసరం లేకుండా 'డెలివరీ ఊరు: తిరుపతి' అని విడగొట్టి రాయడం మేలు. 'బుట్టలో 1 వస్తువులు' అన్నదానికీ ఇదే మందు: 'బుట్టలో ఉన్నవి: 1'.

చివరగా అక్షరాల రూపం. ఇంగ్లిష్ కోసం కొలిచిన బటన్‌లో తెలుగు మాట పట్టదు. 'చెల్లించండి'లో కింద ఒత్తు ఉంది, పైన గుడి ఉంది. బటన్ ఎత్తు చాలకపోతే ఒత్తు తెగిపోయి మాట వేరేలా కనిపిస్తుంది. చిన్న తెర ఉన్న ఫోన్‌లో, అక్షరాలు పెద్దవిగా పెట్టుకున్నవారి ఫోన్‌లో చూసి గానీ బటన్ సిద్ధమైందని అనుకోకూడదు.

సరిగా ఉన్నాయో లేదో తెలిసేదెలా

మాటలు బాగున్నాయా అని ఎవరినైనా అడిగితే బాగున్నాయనే అంటారు. అడగడం కన్నా చూడడం మేలు. ఈ పేజీ ఎప్పుడూ చూడని నలుగురైదుగురికి ఫోన్ ఇచ్చి, 'భీమవరంలో ఉన్నవారికి ఆవకాయ పంపండి' అని చెప్పి పక్కన మౌనంగా కూర్చోవాలి. వేలు ఎక్కడ ఆగింది, ఏ మాటను రెండోసారి చదివారు, ఎక్కడ 'ఇదేంటి' అన్నారు అన్నది రాసుకోవాలి. ఇద్దరు ఒకే చోట ఆగితే అక్కడి మాట మార్చాలి.

రెండో ఆధారం దుకాణం దగ్గరే ఉంటుంది. ఏ తప్పు సందేశం రోజుకు ఎన్నిసార్లు కనిపించిందో, చూసినవారిలో ఎంతమంది సరిదిద్దుకుని ముందుకు వెళ్లారో లెక్క పెట్టవచ్చు. ఒక సందేశం అరుదుగా కనిపించినా, చూసినవారంతా వెళ్లిపోతుంటే ఆ మాట పనిచేయడం లేదు. తరచూ కనిపిస్తుంటే ఆ గడి దగ్గర సూచన చాలడం లేదు. ఫోన్లు అందుకునేవారి పుస్తకం కూడా మంచి సాక్ష్యం. 'డబ్బు కట్టాను, ఆర్డర్ వచ్చిందా' అనే ఫోన్లు మాట మార్చాక తగ్గాయా లేదా అన్నది అక్కడ తెలుస్తుంది. చిన్న దుకాణానికి ఆర్డర్లు కొద్దిగానే ఉంటాయి కాబట్టి ఒక వారం అంకెలు చూసి తీర్మానించకూడదు. సంక్రాంతి ముందు వారాన్ని తర్వాతి వారంతో పోల్చకూడదు. ఒకేసారి నాలుగు మాటలు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.

మాటలకు ఒక హద్దు ఉంది. డెలివరీ ఖర్చు రూ.70ని చివరి పేజీ దాకా చెప్పకుండా ఉంచి, అక్కడ దాన్ని ఎంత చక్కగా వివరించినా కొనేవారికి మోసపోయినట్టే ఉంటుంది. ఇలా ధరను కొంచెం కొంచెంగా బయటపెట్టడం 2023 మార్గదర్శకాల్లోని 13 రకాల్లో ఒకటి. ముందే టిక్ పెట్టిన గడితో కొనేవారి అంగీకారం తీసుకోవడాన్ని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు ఒప్పుకోవు. ఇలాంటి చోట్ల మార్చవలసింది మాటను కాదు, పద్ధతిని. బుట్ట పేజీలోనే 'పచ్చళ్లు రూ.580, డెలివరీ రూ.70, మొత్తం రూ.650' అని ఉంటే, చివరి బటన్ మీది 'రూ.650 చెల్లించండి' అన్న మాటకు వివరణ అక్కర్లేదు.